ఫ్లాట్ అమ్మేశామని ఉత్తరం వస్తే

‘ఫ్లాట్ అమ్మేశామండీ. వచ్చే నెల నుంచి అద్దె ఈ నంబరుకు పంపండి.’

హైదరాబాద్‌లో అద్దెకుండే చాలా కుటుంబాలకు ఇల్లు చేతులు మారిన సంగతి తెలిసేది ఇలాంటి వాట్సాప్ మెసేజ్‌తోనే. చదవగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న ‘ఇప్పుడు ఖాళీ చేయాలా?’ అని. రెండోది ‘మన అడ్వాన్స్ ఎవరిస్తారు?’ అని. పిల్లల స్కూలు ఏడాది మధ్యలో ఉంటే మొదటి ప్రశ్నే ఆ రాత్రి నిద్ర పట్టనివ్వదు.

ఫ్లాట్ అమ్ముడైనంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 109వ సెక్షన్ దీని గురించే. ఓనర్ మారితే పాత ఓనరుకు అద్దెదారు మీద ఉన్న హక్కులు కొత్త ఓనరుకు వస్తాయి. అద్దెదారు కోరుకుంటే పాత ఓనర్ మోయాల్సిన బాధ్యతలు కూడా ఆయన మీదికే వస్తాయి. అగ్రిమెంట్‌లో రాసుకున్న అద్దె, గడువు, నోటీసు కాలం అలాగే ఉంటాయి. ‘ఇంట్లో ఎవరో ఉన్నారని నాకు తెలియదు’ అనే వాదన కొన్నాయనకు పనికిరాదు. ఒక మనిషి ఆ ఇంట్లో కాపురముంటే, ఆయనకున్న హక్కేమిటో కొనేవారికి తెలిసినట్టే లెక్క అని అదే చట్టం చెబుతోంది. విచారించుకోవాల్సిన బాధ్యత కొనేవారిదే.

మరి మారేదేమిటి? ప్రధానంగా రెండు. అద్దె ఎవరి చేతికి వెళ్లాలి, అడ్వాన్స్‌కు ఎవరు పూచీ అన్నవి. ఈ రెండూ ఏ రోజు నుంచి మారాయో తేల్చేది ఆ ఉత్తరమే. అందుకే దాన్ని నాలుగు ముక్కల మెసేజ్‌తో సరిపెట్టకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మియాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్. అద్దె 22,000 రూపాయలు, అడ్వాన్స్ రెండు నెలల అద్దె, అంటే 44,000. అగ్రిమెంట్ 2025 జూన్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 దాకా పదకొండు నెలలకు. నెల గడిచాక, వచ్చే నెల 5వ తేదీలోగా అద్దె ఇవ్వాలి. ఖాళీ చేయాలన్నా, చేయించాలన్నా రెండు నెలల ముందు చెప్పాలి. 2025 నవంబర్ 14న ఓనర్ ఆ ఫ్లాట్ అమ్మి రిజిస్ట్రేషన్ చేయించారు. మరుసటి రోజు అద్దెదారుకు ఇవ్వాల్సిన ఉత్తరం ఇలా ఉంటుంది.

తేదీ: 15-11-2025
ఫ్లాట్ నం. ____లో అద్దెకుంటున్న ____ గారికి,

పై ఫ్లాట్‌ను నేను ____ గారికి 14-11-2025న ____ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ____ నంబరు సేల్ డీడ్ ద్వారా అమ్మాను. ఈ తేదీ నుంచి వారే మీ ఇంటి ఓనర్.

01-06-2025న మనం రాసుకున్న అద్దె అగ్రిమెంట్ అందులోని షరతులన్నిటితో కొనసాగుతుంది.

2025 అక్టోబర్ వరకు అద్దె మీ దగ్గర నుంచి నాకు పూర్తిగా ముట్టింది. నవంబర్ అద్దె మొదలుకొని వారి ____ బ్యాంకు ఖాతాకు చెల్లించగలరు.

మీరు నాకిచ్చిన అడ్వాన్స్ 44,000 రూపాయలు వారికి అప్పగించాను. మీరు ఖాళీ చేసినప్పుడు అగ్రిమెంట్ ప్రకారం ఆ మొత్తం వారే మీకు తిరిగి ఇస్తారు.

జత: సేల్ డీడ్ మొదటి పేజీ, ఫ్లాట్ వివరాలున్న పేజీల నకళ్లు, కొత్త ఓనర్ పాన్ నంబరు, చిరునామా, ఫోన్ నంబరు.

(పాత ఓనర్ సంతకం)
పై విషయాలు, అడ్వాన్స్ బాధ్యతతో సహా, నాకు సమ్మతమే. (కొత్త ఓనర్ సంతకం)

కింద ఉన్న రెండు సంతకాలే ఈ ఉత్తరానికి ప్రాణం. పాత ఓనర్ ఒక్కరే సంతకం పెడితే ‘అడ్వాన్స్ సంగతి నాకు తెలియదు’ అని కొత్తాయన అనవచ్చు. కొత్తాయన ఒక్కరే రాస్తే ఆయన నిజంగా ఓనరేనా అన్న అనుమానం మిగిలిపోతుంది.

ఆ అనుమానం పెట్టుకోవడంలో తప్పు లేదు. ‘అమ్మేశాం’ అన్న మాటను మన దగ్గర చాలా ముందే వాడేస్తుంటారు. బయానా ఇచ్చి అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసుకున్న రోజే ఇల్లు అమ్ముడైందని చెప్పుకుంటారు. చట్టం దృష్టిలో ఆ అగ్రిమెంట్ కొంటామని, అమ్ముతామని చేసుకున్న ఒప్పందమే. యాజమాన్యం మారేది సేల్ డీడ్ రిజిస్టర్ అయ్యాకే. బయానా దశలో కొనుగోలుదారు వచ్చి అద్దె తనకివ్వమంటే, పాత ఓనర్ రాతపూర్వకంగా చెప్పనిదే ఇవ్వక్కర్లేదు. మధ్యలో బేరం చెడిపోతే ఆ డబ్బు గురించి రెండు వైపులా జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది అద్దెదారే.

రిజిస్ట్రేషన్ అయిందో లేదో చూసుకోవడం కష్టమేమీ కాదు. ఆస్తుల దస్తావేజులు నమోదయ్యే రిజిస్టరును రిజిస్ట్రేషన్ చట్టం అందరికీ తెరిచి ఉంచింది. నిర్ణీత ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. అంతకన్నా సులువైనది ఈసీ. తెలంగాణలో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ registration.telangana.gov.inలో గానీ, మీసేవ కేంద్రంలో గానీ అది దొరుకుతుంది. ఈసీలో చివరగా జరిగిన లావాదేవీని చూడాలి. పేర్ల ముందు EX అని ఉంటే రాసిచ్చినవారు, CL అని ఉంటే రాయించుకున్నవారు. EX దగ్గర పాత ఓనర్ పేరు, CL దగ్గర ఉత్తరంలోని కొత్త ఓనర్ పేరు ఉండాలి. దస్తావేజు నంబరు, తేదీ కూడా ఉత్తరంలో రాసినవే కావాలి. ఒక్కోసారి CL దగ్గర భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటాయి. అప్పుడు అద్దె ఎవరి ఖాతాకు పంపాలో ఇద్దరూ సంతకం చేసి చెప్పడం మంచిది. ఇక ముక్కూముఖం తెలియని నంబరు నుంచి ‘నేను కొత్త ఓనర్‌ని’ అంటూ ఖాతా వివరాలు వస్తే, ముందు పాత ఓనరుకు ఆయన పాత నంబరుకే ఫోన్ చేసి కనుక్కోవాలి.

డబ్బు విషయానికి వద్దాం. మన ఉదాహరణలో నవంబర్ 1 నుంచి 13 దాకా ఫ్లాట్ పాత ఓనర్‌ది, 14 నుంచి 30 దాకా కొత్త ఓనర్‌ది. అద్దెదారు అద్దెను రెండు ముక్కలు చేసి ఇద్దరికీ పంపాలా? అక్కర్లేదు. అద్దె రోజు లెక్కన పోగవుతుంది. కానీ ఆ పంపకం ఇద్దరు ఓనర్ల మధ్య వ్యవహారం. అద్దెదారు చెల్లించేది మాత్రం ఎప్పటిలాగే గడువు తేదీకే. వేరే మాట అనుకోనప్పుడు చట్టం పాటించే పద్ధతి ఇది. కాబట్టి డిసెంబర్ 5లోగా 22,000 మొత్తం కొత్త ఓనర్ ఖాతాకు వెళ్లాలి. అందులో 13 రోజుల వాటా, సుమారు 9,533 రూపాయలు, పాత ఓనరుకు ఆయన ఇచ్చుకోవాలి. మిగతా 17 రోజుల వాటా, సుమారు 12,467 రూపాయలు, ఆయనకే ఉంటుంది. చాలాచోట్ల ఈ లెక్కను రిజిస్ట్రేషన్ రోజునే ఇద్దరూ చూసుకుంటారు.

ఒకవేళ అక్టోబర్ అద్దె బాకీ ఉంటే? అది అమ్మకానికి ముందటి బాకీ, పాత ఓనరుకు రావాల్సిన సొమ్ము. ఆ బాకీ వసూలు హక్కును కూడా రాసిస్తే తప్ప కొత్త ఓనర్ దాన్ని అడగలేరు. ‘అక్టోబర్ వరకు ముట్టింది’ అన్న వాక్యం ఉత్తరంలో ఉండాల్సింది ఇందుకే. అది ఉంటే ఏడాది తర్వాత పాత లెక్కలెవరూ తిరగేయరు.

ఇంకో ఇబ్బంది ఉత్తరం ఆలస్యంగా రావడం. ఫ్లాట్ నవంబర్ 14న అమ్ముడైంది, అద్దెదారుకు ఎవరూ చెప్పలేదు. ఆయన అలవాటు ప్రకారం డిసెంబర్ 4న పాత ఓనరుకు అద్దె పంపించారు. 8న ఉత్తరం అందింది. నవంబర్ అద్దె తనకు మళ్లీ కట్టమని కొత్త ఓనర్ అడగవచ్చా? అడగడానికి వీల్లేదు. ఇల్లు చేతులు మారిందని నమ్మడానికి ఏ కారణమూ లేని అద్దెదారు పాత ఓనరుకు కట్టేస్తే, ఆ సొమ్ము మళ్లీ కట్టనక్కర్లేదని 109వ సెక్షనే చెబుతోంది. కొత్త ఓనర్ దాన్ని పాతాయన దగ్గర వసూలు చేసుకోవాలి. అదే నవంబర్ 16నే ఉత్తరం అంది, సేల్ డీడ్ నకలు చేతికొచ్చాక కూడా ‘పాత సార్ మంచివారు’ అని ఆయనకే పంపితే ఈ రక్షణ ఉండదు, రెండోసారి కట్టాల్సి రావచ్చు. అందుకే ఉత్తరం ఏ రోజు అందిందో రుజువు ఉండాలి. చేతికిస్తే నకలు మీద తేదీ వేసి సంతకం చేయాలి. స్పీడ్ పోస్టులో వస్తే కవరు దాచుకోవాలి. వాట్సాప్‌లో వస్తే ఆ చాట్ చెరిపేయకూడదు.

గొడవలు ఎక్కువగా వచ్చేది అడ్వాన్స్ దగ్గర. పాత ఓనర్ అమెరికా వెళ్లిపోతారు, కొత్త ఓనర్ ‘నాకు పైసా ముట్టలేదు’ అంటారు. పాతాయనకు ఇచ్చిన డబ్బును కొత్తాయన దగ్గర రాబట్టవచ్చా అన్నది కోర్టుకెక్కితే అగ్రిమెంట్‌లోని మాటలు, సేల్ డీడ్‌లోని మాటలు ఒక్కొక్కటీ తిరగేయాల్సిన వ్యవహారం. నలభై నాలుగు వేల కోసం అంత దూరం వెళ్లే ఓపిక మధ్యతరగతి కుటుంబానికి ఉండదు. సాధారణంగా అమ్మకం ధరలో నుంచి ఆ 44,000 మినహాయించి మిగతాది కొత్త ఓనర్ చెల్లిస్తారు. అంటే అడ్వాన్స్ ఆయన దగ్గరే ఉన్నట్టు. లేదంటే పాత ఓనర్ అద్దెదారుకు తిరిగి ఇచ్చేస్తే, అద్దెదారు దాన్ని కొత్త ఓనరుకు ఖాతా ద్వారా పంపించి రసీదు తీసుకుంటారు. ఏ దారి పట్టినా కాగితం మీద మొత్తం, అది ఎవరి దగ్గరుందన్న మాట, కొత్త ఓనర్ సంతకం ఉండాలి.

అడ్వాన్స్‌తో పాటు చూసుకోవాల్సింది ఇంటి పరిస్థితి. అద్దెకు దిగిన రోజు గోడలెలా ఉన్నాయో, గీజరు పనిచేసిందో లేదో చూసింది పాత ఓనర్. ఖాళీ చేసే రోజు తాళాలు తీసుకునేది కొత్త ఓనర్. హైదరాబాద్‌లో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం చాలాచోట్ల అలవాటే. దానికి తోడు వంటగది గట్టు మీద ఎప్పటిదో పగులు, బాత్రూమ్ తలుపు అడుగున నీటికి ఉబ్బిన చెక్క కూడా అద్దెదారు ఖాతాలోకే వచ్చి పడతాయి. ఉత్తరం అందిన వారంలోనే ఫ్యాన్లు, లైట్లు, గీజరు, అల్మరాలు ఎన్ని ఉన్నాయి, ఏవి అప్పటికే పాడై ఉన్నాయి అని ఒక పేజీ రాసి, ఫొటోలు తీసి, పాత ఓనర్ చేత ‘దిగినప్పుడూ ఇలాగే ఉంది’ అని సంతకం పెట్టించుకోవడం మేలు. ఇల్లు అమ్మేసి వెళ్లిపోయాక ఆయన్ను పట్టుకోవడం కష్టం.

ఖాళీ చేయడం సంగతికొస్తే, ఫ్లాట్ కొనేవారిలో చాలామంది తాము ఉండడానికే కొంటారు. కాబట్టి ‘నెలాఖరుకు ఖాళీ చేయండి’ అన్న మాట ఉత్తరంతో పాటే రావచ్చు. పాత ఓనరుకు లేని హక్కు కొత్త ఓనరుకు రాదు. మన ఉదాహరణలో అగ్రిమెంట్ రెండు నెలల నోటీసు అడుగుతోంది. నవంబర్ 20న ఖాళీ చేయమని నోటీసు అందితే జనవరి 20 దాకా ఆ కుటుంబానికి సమయం ఉన్నట్టే. అగ్రిమెంట్‌లో ‘ఇల్లు అమ్మితే నెలలో ఖాళీ చేయాలి’ అన్న షరతు ముందే ఉంటే మాత్రం అదే వర్తిస్తుంది. అందువల్ల ఉత్తరం రాగానే బీరువాలోని అగ్రిమెంట్ తీసి ఆ పేరా చదువుకోవాలి. అగ్రిమెంట్ గడువు ఎప్పుడో ముగిసినా, అద్దె తీసుకుంటూ నెలనెలా సాగుతున్న ఇల్లయితే, వేరే ఒప్పందం లేనప్పుడు కనీసం 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ పదిహేను రోజులూ నోటీసు అందిన నాటి నుంచి లెక్క.

నోటీసు గడువు దాటినా సామాను బయట పెట్టే అధికారం ఓనరుకు లేదు. కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవాలి. బలవంతంగా తాళం వేసి బయటికి పంపితే, ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి కోరవచ్చని నిర్దిష్ట ఉపశమన చట్టం చెబుతోంది. రెంట్ కంట్రోల్ చట్టం ఉందిగా అని కొందరు ధైర్యంగా ఉంటారు. 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో అప్పటికి నెల అద్దె 3,500 రూపాయలు మించిన భవనాలను అందులోంచి తప్పించారు. నేటి ఫ్లాట్ల అద్దెలు ఏ లెక్కన చూసినా దానికి ఎన్నో రెట్లు. వీటిలో చాలావాటికి మిగిలిన అండ అగ్రిమెంట్, ఆస్తి బదిలీ చట్టం మాత్రమే.

సంతకం పెట్టే ముందు ఒక జాగ్రత్త. కొత్త ఓనర్లు, ముఖ్యంగా బ్యాంకు లోన్‌తో కొన్నవారు, ‘మిమ్మల్ని ఓనరుగా అంగీకరిస్తున్నాను’ అన్న కాగితం మీద అద్దెదారు సంతకం అడుగుతారు. దీన్నే లాయర్లు అటార్న్‌మెంట్ లెటర్ అంటారు. అది లేకపోయినా అమ్మకం చెల్లుతుంది. సేల్ డీడ్ సరిచూసుకున్నాక దాని మీద సంతకం పెట్టడంలో నష్టమూ లేదు. కానీ ఆఖరి పేరాలో ‘ఫలానా తేదీకి ఖాళీ చేసి అప్పగిస్తాను’ అనో, ‘అద్దె 26,000కు అంగీకరిస్తున్నాను’ అనో ఒక వాక్యం కలిసి ఉండవచ్చు. గడువు మధ్యలో అద్దె పెంచడానికి అద్దెదారు ఒప్పుకోనక్కర్లేదు. అలాంటి వాక్యం కనిపిస్తే కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశాకే కాగితం ఇవ్వాలి.

పన్ను లెక్కలూ కొంత మారతాయి. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు తీసుకునే ఉద్యోగి ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటితే ఓనర్ పాన్ నంబరు ఆఫీసుకు ఇవ్వాలి. మన ఉదాహరణలో అక్టోబర్ దాకా రసీదులు పాత ఓనర్ పేరు మీద, నవంబర్ నుంచి కొత్త ఓనర్ పేరు మీద ఉండాలి. పాన్ నంబర్లూ రెండు ఇవ్వాలి.

అసలు చిక్కు కొత్త ఓనర్ ఎన్నారై అయినప్పుడు వస్తుంది. డాలస్‌లోనో, లండన్‌లోనో ఉంటూ హైదరాబాద్, విజయవాడల్లో ఫ్లాట్లు కొనే తెలుగువారు తక్కువేమీ కాదు. ఇక్కడే ఉన్న ఓనరుకైతే, నెల అద్దె 50,000 దాటితేనే వ్యక్తిగత అద్దెదారు 2 శాతం టీడీఎస్ కోయాలి. ఎన్నారైకి ఆ పరిమితి లేదు. 22,000 అద్దెకైనా సెస్‌తో కలిపి 31.2 శాతం, అంటే 6,864 రూపాయలు కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత అద్దెదారుదే. ఓనర్ ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ రేటు తగ్గుతుంది. కోయకపోతే ఆ పన్ను, దాని మీద వడ్డీ అద్దెదారు నెత్తిన పడతాయి. కాబట్టి ఉత్తరంలో కొత్త ఓనర్ నివాసం ఏ దేశంలో అన్నది స్పష్టంగా ఉండాలి. ఆయన తరఫున అన్నగారో, మామగారో వ్యవహారం చూస్తుంటే వారికిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ నకలు అడిగి తీసుకోవాలి. మొదటి నెల అద్దె పంపే ముందే ఒకసారి ఆడిటర్‌ను కలవాలి.

ఇంగ్లండ్‌లో ఈ ఉత్తరాన్ని చట్టమే తప్పనిసరి చేసింది. అక్కడి 1985 చట్టం ప్రకారం కొత్త ఓనర్ తన పేరు, చిరునామా రాతపూర్వకంగా తెలపడానికి గడువు ఉంది. కారణం లేకుండా తెలపకపోతే అది నేరం. అద్దెదారుకు ఆ సమాచారం అందేదాకా అగ్రిమెంట్ బాధ్యతల నుంచి పాత ఓనర్ తప్పించుకోలేరు. మన ఆస్తి బదిలీ చట్టంలో అలాంటి గడువు లేదు. అందువల్ల మెసేజ్ మాత్రమే వచ్చినప్పుడు ఉత్తరం కావాలని అడగాల్సింది అద్దెదారే. దానికి నాలుగు వాక్యాలు చాలు: ‘ఫ్లాట్ అమ్మిన సంగతి మీ మెసేజ్ ద్వారా ఈ రోజు తెలిసింది. సేల్ డీడ్ నకలు, కొత్త ఓనర్ ఖాతా, పాన్ వివరాలు, అడ్వాన్స్ బదిలీ అయినట్టు ఇద్దరి సంతకాలతో ఉత్తరం పంపగలరు. అవి అందగానే అద్దె వారికి పంపుతాను. అప్పటిదాకా అద్దె సొమ్ము సిద్ధంగా ఉంచుతాను.’ ఈ ఆఖరి వాక్యం అవసరం. రేపు అద్దె ఎగ్గొట్టారన్న మాట రాకుండా అది కాపాడుతుంది.

కరెంటు, మెయింటెనెన్స్ దగ్గర పెద్ద మార్పు ఉండదు. మీటరు పేరు మారినా, మారకపోయినా కరెంటు బిల్లు సర్వీసు నంబరు మీదే కట్టవచ్చు. అమ్మకం రోజున మీటరు రీడింగ్ ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు పాత ఓనర్ బాకీలేమైనా ఉంటే అవి ఓనర్లు తేల్చుకోవాల్సినవి. ఆస్తి పన్నూ అంతే.

2026 ఏప్రిల్ 30తో మన ఉదాహరణలోని అగ్రిమెంట్ ముగుస్తుంది. కొత్త ఓనర్ ఇల్లు కొనసాగించడానికి ఒప్పుకుంటే, తన పేరు మీద కొత్త స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్ రాస్తారు. అద్దె ఎంత పెంచాలన్నది ఆ రోజు మాట్లాడుకోవాల్సిన విషయం. రాసేటప్పుడు అడ్వాన్స్ గడిలో ఖాళీ వదిలినా, సున్నా వేసినా ఒప్పుకోకూడదు. ‘44,000 రూపాయలు, 15-11-2025 నాటి ఉత్తరం ప్రకారం పాత ఓనర్ ద్వారా ముట్టినవి’ అని రాయించి, ఆ ఉత్తరం నకలును అగ్రిమెంట్‌కు జత చేయించాలి.